కావలెను: ట్రేలు మోసే అధికారి

అరవై గదులు, రెండు ఫంక్షన్ హాళ్లు ఉన్న విజయవాడ హోటలొకటి బాంక్వెట్ కెప్టెన్ కావాలని ప్రకటన వేసింది. మూడేళ్ల అనుభవం, మూడు భాషలు, నున్నగా గీసిన గడ్డం, నల్ల బూట్లు (సొంతవి), ఒత్తిడిలోనూ చెదరని చిరునవ్వు కావాలట. జీతం 18,500.

ఆ చివరి ఐదొందల మీద నాకు అనుమానం. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సూపర్‌వైజర్ పనిలో ఉండి నెలకు 18,000 దాటి తీసుకునేవాడు కార్మికుడి లెక్కలోకి రాడు. రేపు వీణ్ణి తీసేస్తే ట్రిబ్యునల్ గడప తొక్కే దారి కూడా ఉండదన్నమాట. అయితే కోర్టులు హోదా పేరు చూసి ఊరుకోవు, ప్రధానంగా చేసే పనేమిటని అడుగుతాయి. అందుకేనేమో ప్రకటన నిండా ‘పర్యవేక్షణ’, ‘నాయకత్వం’, ‘సమన్వయం’ చల్లారు. అడుగున చిన్నక్షరాల్లో మాత్రం ‘అవసరాన్ని బట్టి సర్వీసులో పాల్గొనవలెను’ అని ఉంది. ఆ అవసరం ప్రతి ముహూర్తానికీ వస్తుంది.

ఒక రిసెప్షన్ రాత్రి చూద్దాం. ఫంక్షన్ షీటులో గ్యారంటీ 300 ప్లేట్లు, ప్లేటు 850. కిచెన్ మరో పదో వంతు కలుపుకుని 330 మందికి వండుతుంది. బుకింగ్ రోజున సేల్స్ బాబు కాఫీ తాగిస్తూ, ‘ముప్పై ప్లేట్లు అటూ ఇటూ అయినా చూసుకుందాం సార్’ అన్నాడు. ఆ మాట షీటులోకి ఎక్కలేదు. పెళ్లివారి గుండెల్లో మాత్రం శిలాశాసనమై కూర్చుంది.

అంతమందికి పన్నెండు మంది కుర్రాళ్లు కావాలి. కాంట్రాక్టరు ఏడుగురిని పంపాడు. అందులో ఇద్దరికి ట్రే పట్టుకోవడం అదే మొదలు. నాయకత్వం అంటే ఇదే: కెప్టెన్ కోటు విప్పి, ఎంగిలి ప్లేట్ల టబ్బు ఎత్తుకున్నాడు.

పని తెలిసినవాడు గనక, టబ్బు మోస్తూనే హాలంతా ఓ కంట కనిపెడుతున్నాడు. తొమ్మిదవుతోంది. ఐస్‌క్రీం కౌంటరు దగ్గర పట్టుమని పదిమంది లేరు, బిర్యానీ వరస మాత్రం గుమ్మం దాటింది. అంటే తిన్నవాళ్ల కంటే తినాల్సినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు మళ్లీ దమ్ పెడితే వరస పెళ్లి పందిరి దాకా పోతుంది. కిచెన్‌కి పరిగెత్తి ఫ్రైడ్ రైసు, పెరుగన్నం పెంచమన్నాడు. చెఫ్ వాణ్ణి తిట్టాడు. తిట్టినా వండాడు. అందుకే చెఫ్‌లంటే నాకు గౌరవం.

ఇక అసలు పని మిగిలింది. ప్లేట్లు 280 దాటగానే పెళ్లికూతురి తండ్రి దగ్గరికి చీటీ పట్టుకెళ్లి, అదనపు ప్లేట్లకు ‘సరే’ అని సంతకం పెట్టించుకోవాలి. కెప్టెన్ వెళ్లాడు. పెద్దాయన స్టేజీ మీద ఫొటోల్లో ఉన్నాడు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే, ‘ఇప్పుడు గెస్టుని కదపకు, తర్వాత చూద్దాం’ అన్నాడు.

తర్వాత చూశారు. బయటికిచ్చిన ప్లేట్లు 400, వాడకుండా మిగిలినవి 16. సిబ్బంది తిన్నవి 12 తీసేస్తే 372. గ్యారంటీ మీద 72 అదనం, 61,200 రూపాయలు. పెళ్లివారు ముప్పై ఫ్రీ అన్నారు, పిల్లలకు రెండో ప్లేటు ఇచ్చారన్నారు, అసలు మీ లెక్కే తప్పన్నారు. చివరికి ఇరవై ప్లేట్లకు ఇచ్చి కారెక్కారు. సేల్స్ బాబు ఫోన్ స్విచాఫ్. మర్నాటి మీటింగులో మేనేజర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘సంతకం ఎందుకు తీసుకోలేదు, కెప్టెన్?’

ఆ మర్నాడు కూడా వాడికి నిద్రపోయి లేచాక వచ్చింది కాదు. రాత్రి పదకొండున్నరకి పెళ్లివారు పోయాక స్పూన్లు, గుడ్డలు లెక్కపెట్టి, రౌండ్ టేబుళ్లు మడిచి, అదే హాల్లో ఉదయం ఎనిమిదింటి మందుల కంపెనీ మీటింగుకి నూట యాభై కుర్చీలు వరసలు తీర్చాడు. దీన్ని ప్రకటనలో ‘అనువైన పనివేళలు’ అన్నారు. ఎవరికి అనువో రాయలేదు.

‘వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం’ అన్న ముక్క మాత్రం నిజాయితీగా ఉంది. పాతవాడు ఎలా వెళ్లిపోయాడో దాన్ని బట్టే తెలుస్తోంది.

ఇంటర్వ్యూకి వెళ్లే తమ్ముళ్లు బయోడేటా తీసేముందు ఒక్కటి అడగండి. గ్యారంటీ దాటినప్పుడు చీటీ మీద పార్టీ సంతకం పడేదాకా అదనపు ప్లేట్లు ఆపే అధికారం నాకుందా, అలా ఆపితే మీరు నా వెనక నిలబడతారా? ‘గెస్టు దేవుడితో సమానం కదా బాబూ’ అని నవ్వితే, ఆ దేవుడి నైవేద్యం ఎవరి జీతంలోంచి కోస్తారో కూడా కనుక్కుని, వాళ్లిచ్చిన కాఫీ తాగేసి బయటికి రండి.