దివ్యసముఖమునకు రాజీనామా

వీసా చేతికొచ్చేదాకా రాజీనామా ఊసెత్తకూడదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇది అందరికీ తెలిసిన నీతి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆఫీసరు తల అడ్డంగా ఊపితే అటు చదువూ ఇటు ఉద్యోగమూ రెండూ పోతాయి. అందుకే ఐ-20 వచ్చినా, సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టినా, చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసినా, ఆఫీసులో మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చే ఏడాది ప్రాజెక్టు ప్లానుకు తలూపుతూ కూర్చున్నాను.

జూన్ 10న వీసా ఓకే అయింది. ఆగస్టు 24న క్లాసులు. నోటీసు పీరియడ్ 90 రోజులు. అంటే కంపెనీ నన్ను వదిలేది సెప్టెంబరు 8న. యూనివర్సిటీ ముందే ఒప్పుకోకుండా ఐ-20 మీది తేదీ దాటి దిగితే ఇమిగ్రేషన్ వాళ్ళు అట్నుంచి అటే తిప్పి పంపొచ్చు. పోనీ, చెప్పాపెట్టకుండా విమానం ఎక్కేద్దామా అంటే రిలీవింగ్ లెటర్ రాదు. అది లేకపోతే తిరిగొచ్చి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చిక్కు.

విషయం చెప్పగానే మేనేజరు గారు మెత్తగా, "మనం మనం తెలుగువాళ్ళం. ఇంగ్లీషెందుకయ్యా? తెలుగులోనే రాయి" అన్నారు. రాయలేక ఆగిపోతానని ఆయన ఆశ. తహశీల్దారు ఆఫీసులో చేసి రిటైరైన మా నాన్న సంగతి ఆయనకు తెలీదు.

"మేనేజరు గారి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా: తమరి ఏలుబడిలో బగ్గులు సరిచేయుచు, సరిచేసిన వాటికంటే కాస్త తక్కువగానే కొత్తవి పుట్టించుచు కాలక్షేపము చేయుచున్నాను. ఉన్నత విద్య నిమిత్తము రాజీనామా సమర్పించుచున్నాను. నా చివరి పనిదినము 14-08-2026గా ఖరారు చేయ ప్రార్థన. నోటీసులో తరుగుపడిన 25 రోజులకు మిగిలిన సెలవులు సర్దుబాటు చేసి, చాలని రోజులకు ఫైనల్ సెటిల్‌మెంటులో కోసుకొనగలరు. అర్ధరాత్రి పడుకొనిపోవు బిల్లింగ్ జాబును తిరిగి లేపు విధానము నా వెనుక వచ్చువారికి రాసి ఇచ్చెదను. ఇట్లు, తమ విధేయుడు."

మేనేజరు గారి చూపు దివ్యసముఖం దాటి, ఉన్నత విద్య దాటి, బిల్లింగ్ జాబు దగ్గర ఆగింది. "ఒక్క రిలీజు అయ్యాక వెళ్ళకూడదా? అమెరికా ఎక్కడికి పోతుంది?" అన్నారు. అమెరికా పోదు, సీటు పోతుందన్నాను. నిట్టూర్చి, ఆ జాబు సంగతి మాత్రం స్క్రీన్‌షాట్లతో సహా రాయమన్నారు.

ఉత్తరం పుణెలోని హెచ్ఆర్ అమ్మాయికి వెళ్ళింది. ఆమెకు తెలుగు ముక్క రాదు. పోర్టల్‌లో నేను ఎంచుకున్న 'హయ్యర్ స్టడీస్' అన్న కారణాన్నీ, ఉత్తరంలోని తేదీనీ చూసి, సెలవుల లెక్క వేసి, సాయంత్రానికి అప్రూవ్ చేసేసింది.

తన గ్రాంథికం ఎవరూ చదవలేదని తెలిస్తే నాన్న నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన తాపీగా కాఫీ తాగుతూ అన్నారు: "మా ఆఫీసులో మాత్రం ఎవడు చదివాడ్రా? నేనూ తేదీ, సంతకం చూసే పై టేబుల్‌కి తోసేవాణ్ణి."