ఆఫర్ అంగీకార లేఖ: చెడగొట్టు విధానం

జూనియర్ డెవలపర్‌గా ఎంపికైన అభ్యర్థి పంపే అంగీకార ఈమెయిలు మూడు పనులు చేయాలి: ఆఫర్‌ను ఒప్పుకోవాలి, చేరే తేదీని ఖాయపరచాలి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు, అంటే అభ్యర్థి చెప్పుకొన్న చదువూ అనుభవమూ నిజమో కాదో సంస్థ తరఫున తరచుగా వేరొక ఏజెన్సీ ఆరా తీసే ప్రక్రియకు, ఏ పత్రాలు కావాలో అడగాలి. ఈ మూడింటిలో ఏదీ సక్రమంగా జరగకూడదని కోరుకునేవారికి ఈ కింది పద్ధతి శ్రేష్ఠం.

అంగీకారాన్ని హెచ్‌ఆర్ మెయిలుకు జవాబుగా కాక, రిక్రూటరుకు వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మగా పంపడం మేలు. తేదీని మాత్రం అంకెల్లోనే రాయాలి. ఆఫర్ లేఖలో 2025 జూన్ 9, సోమవారం అని స్పష్టంగా ఉన్నప్పటికీ 9/6 అని రాస్తే, అమెరికాలో కూర్చున్న మేనేజరు దాన్ని సెప్టెంబరు 6గా చదువుకొని, ఆ రోజు శనివారమని గ్రహించి, కొత్తవాడి ఉత్సాహానికి అబ్బురపడే అవకాశం ఉంది.

పత్రాల సంగతి ముందుగా అడగడం బొత్తిగా పనికిరాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాన్ కార్డులో అసలు పేరుకు వెనుక ఉండటం తెలుగువారిలో సర్వసాధారణం కాబట్టి, ఈ మూడూ ఒకరివేనా అన్న సందేహాన్ని ఏజెన్సీకే వదిలేయాలి. ఈ తేడాకు అఫిడవిట్ సరిపోతుందా అని మెయిల్లో ఒక్క వాక్యం అడిగితే చేరకముందే విషయం తేలిపోయే ప్రమాదం ఉంది. పట్టా ఇంకా రానివారు ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పట్టా చేతికందేదాకా విశ్వవిద్యాలయం ఇచ్చే తాత్కాలిక ధ్రువపత్రం, చెల్లుతుందా అని కూడా అడగరాదు. అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలనూ మంచం మీద పరిచి, దుప్పటి పూలతో సహా ఫోటో తీసి జతచేస్తే చాలు.

గతంలో నాలుగు నెలలు చేసి మానేసిన ఉద్యోగాన్ని దాచడం ఈ విద్యలో పరాకాష్ఠ. అక్కడ జీతంలో పీఎఫ్ మినహాయించి ఉంటే, యూఏఎన్, అంటే ఒక వ్యక్తి భవిష్యనిధి ఖాతాలన్నిటినీ ముడివేసే 12 అంకెల సంఖ్య, కింద ఆ సంస్థ పేరూ చేరిన తేదీయూ నమోదై ఉంటాయి. అభ్యర్థి మరచిపోయినా ఆ నమోదు మరచిపోదు. రిలీవింగ్ లెటర్ లేదని, దానికి బదులు జీతపు చీటీలు ఇవ్వవచ్చా అని ముందే రాసేవారిని హెచ్‌ఆర్‌వారు సాధారణంగా అనుమానించరు. దాచి దొరికినవారికే ఆ గౌరవం దక్కుతుంది.

ఇన్ని చేసి కూడా జూన్ 9న ఉద్యోగంలో చేరగలిగినవారు నిరాశ చెందనక్కర్లేదు. ఆఫర్ వెరిఫికేషన్ ఫలితానికి లోబడి ఉంటుందన్న షరతు ఆఫర్ లేఖల్లో సాధారణంగా ఉంటుంది, ఆ ఫలితం చాలాసార్లు చేరిన కొన్ని వారాలకు గాని రాదు.