పాఠాన్ని పేజీల లెక్కన పంచిన రోజు

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రసరణ పాఠాన్ని జిగ్సా పద్ధతిలో చెప్పించబోయి పిల్లలకు నష్టం చేశాను. తప్పు పద్ధతిది కాదు, నాది. అందులో అసలైన మెట్టేదో గుర్తించకుండా దాన్నే ఎత్తేశాను.

ఈ పద్ధతి 1971లో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో పుట్టింది. అప్పుడప్పుడే తెల్లపిల్లలు, నల్లపిల్లలు, మెక్సికన్ మూలాలున్న పిల్లలు ఒకే తరగతిలో కూర్చోవడం మొదలైంది. గొడవలు జరుగుతుంటే ఇలియట్ అరన్‌సన్ అనే సామాజిక మనోవిజ్ఞాన ఆచార్యుడు, ఆయన విద్యార్థులు బడికి వెళ్లి చూశారు. టీచరు ప్రశ్న అడగ్గానే చేతులెత్తడంలో పోటీ, చెప్పలేనివాణ్ణి చూసి నవ్వు. దాంతో వాళ్లు పాఠాన్ని భాగాలు చేసి, జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో భాగం ఇచ్చారు. పక్కవాడు చెప్తే తప్ప ఆ భాగం తెలిసే దారి లేదు కాబట్టి అతను చెప్పేది వినక తప్పదు. చివరి పరీక్ష మాత్రం ఎవరిది వారిదే, పాఠం మొత్తం మీద.

ఇది నాకు తెలుసు. ఒక భాగం అందుకున్న పిల్లలంతా అన్ని జట్ల నుంచీ లేచి వచ్చి ముందు ఒకచోట కూర్చుంటారనీ, ఆ నిపుణుల జట్టులో తమ భాగాన్ని చర్చించుకుని, ఎలా చెప్పాలో చూసుకుని, తర్వాతే సొంత జట్టుకు తిరిగి వెళ్తారనీ కూడా తెలుసు. తెలిసి కూడా, పీరియడ్ నలభై ఐదు నిమిషాలే కదా అని ఆ మెట్టు తీసేశాను. "ఎవరి భాగం వాళ్లు పది నిమిషాలు చదువుకోండి, తర్వాత జట్టుకు చెప్పండి" అన్నాను. పిల్లలు మాట్లాడుతున్నారు, గదంతా సందడిగా ఉంది, నేర్చుకుంటున్నారని నమ్మాను.

రెండో తెలివితక్కువ పని పాఠాన్ని కోసిన తీరు. గుండె నిర్మాణం, రెండు వలయాల ప్రసరణ, రక్తనాళాలు, రక్తపీడనం అంటూ పేజీల వరసలో నాలుగు ముక్కలు చేసి పంచాను. గుండె గదులు తెలియని పిల్లవాడికి రెండు వలయాల ప్రసరణ ఎలా అర్థమవుతుంది? ఒకదాని మీద ఒకటి నిలబడే విషయాలను విడదీసి ఒకేసారి చదవమన్నాను. రెండో ముక్క అందినవాళ్లు అర్థంకాని వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించారు, మిగతావాళ్లు రాసుకున్నారు. ఆ నోట్సుల్లో వాక్యాలన్నీ పుస్తకంలోవే. అది ఆ రోజే చూసి ఉంటే అక్కడే ఆపేవాణ్ణి. సొంత మాట ఒక్కటైనా లేని నోట్సు ఉందంటే అక్కడ బోధన జరగలేదన్నమాట.

సంగతి యూనిట్ టెస్టులో బయటపడింది. పుపుస ధమనిలో ఎలాంటి రక్తం ప్రవహిస్తుందని అడిగాను. నలుగురి జవాబు ఒకటే: "ధమని కాబట్టి ఆక్సిజన్ ఉన్న రక్తం." ముందు కాపీ కొట్టారనుకున్నాను. పరీక్షలో దూరదూరంగా కూర్చోబెట్టాం, అలా జరిగే వీల్లేదు. జట్ల పట్టిక తీసి చూస్తే నలుగురూ ఒకే జట్టు. రక్తనాళాల ముక్క చెప్పిన అబ్బాయిని పిలిచి అడిగాను.

"ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అనే చెప్పాను సార్. పుస్తకంలో అలాగే అర్థమైంది."

"పుపుస ధమని గురించి ఎవరూ అడగలేదా?"

"అది నా భాగంలో లేదు సార్. ఇంకొకళ్ల దాంట్లో ఉంది."

నిజమే. ధమని అంటే గుండె నుంచి బయటికి వెళ్లే నాళమని ఒక ముక్కలో, పుపుస ధమని ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని ఊపిరితిత్తులకు చేరుస్తుందని ఇంకో ముక్కలో పెట్టినవాణ్ణి నేనే. ఆ అబ్బాయి నిజాయితీగా చదివాడు, నిజాయితీగా చెప్పాడు. తప్పు దిద్దే చోటు నేను ఉంచలేదు. నిపుణుల జట్టులో అదే భాగం చదివిన మరో నలుగురు ఎదురుగా ఉంటే ఎవరో ఒకరు "అన్ని ధమనులూనా?" అని అడిగేవారు. వాళ్లు అడక్కపోయినా, పక్కన నిలబడితే నేను వినేవాణ్ణి. సొంత జట్లు తొమ్మిది, అన్ని చోట్లా ఒకేసారి వినలేను. తప్పు పట్టుకోగలిగేది నిపుణుల జట్టులోనే. ఒక పిల్లవాడి పొరపాటు నలుగురిదయ్యేలా చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. రెండు వలయాల ప్రసరణను మళ్లీ మొదటి నుంచి బోర్డు మీద నేనే చెప్పాను. దానికి అదే సరైన దారి.

తర్వాత జిగ్సాకు రక్తంలోని భాగాలను ఎంచుకున్నాను: ఎర్రరక్త కణాలు, తెల్లరక్త కణాలు, రక్తఫలకికలు, ప్లాస్మా. ఇవి పక్కపక్కన ఉండే విషయాలు. ఏది ముందు చదివినా అర్థమవుతుంది. తరగతిలో ముప్పై ఆరుగురు, నలుగురేసి తొమ్మిది జట్లు. ఒక్కో భాగానికి తొమ్మిదిమంది నిపుణులు వస్తారు. తొమ్మిదిమంది ఒకచోట కూర్చుంటే ముగ్గురు మాట్లాడతారు, ఆరుగురు చూస్తారు. అందుకే ఐదుగురు, నలుగురుగా విడదీశాను. పక్క పీరియడ్ కూడా అడిగి తీసుకున్నాను. నిపుణుల మెట్టు ఈరోజు, బోధన రేపు అని పెడితే రేపు ఎవరైనా బడికి రాకపోతే ఆ జట్టుకు ఒక భాగమే ఉండదు.

నిపుణుల జట్టులో చదవడం అయ్యాక పుస్తకం మూయించాను. చూడకుండా బొమ్మ గీసి చెప్పాలి, విన్నవాళ్లు ఒక ప్రశ్నైనా అడగాలి. రక్తఫలకికల దగ్గర ఒక అమ్మాయి "ఇవి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి" అని ఆపేసింది. "ఎలా?" అన్నాను. మళ్లీ పుస్తకం తెరిచి చూసుకుని, అవి థ్రాంబోకైనేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తాయని, దానివల్ల ప్రోథ్రాంబిన్ థ్రాంబిన్‌గా మారుతుందని, థ్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుందని చెప్పింది. "మరి ఆ ఫైబ్రినోజన్ ఎక్కడుంటుంది?" ఆమెకు తెలియదు. ఆమె భాగంలో అది లేదు, ఈసారి కావాలనే పెట్టలేదు. "మీ జట్టులో ప్లాస్మా చదివినవాళ్లని అడుగు" అన్నాను.

సొంత జట్లకు ఇచ్చిన ప్రశ్న ఇది: మోకాలు చెక్కుకుపోయింది. రక్తం ఎలా ఆగింది, గాయం దగ్గర చీము ఎందుకు పట్టింది? ప్లాస్మా చదివినవాడు ఫైబ్రినోజన్ అందులో కరిగి ఉంటుందన్నాడు. ఆ అమ్మాయి దారాల సంగతి చెప్పింది. ఎర్రకణాలు చదివినవాడు, ఆ వలలో చిక్కుకునేవి తనవేనని, గడ్డ ఎర్రగా ఉండేది అందుకేనని తనంతట తాను అందుకున్నాడు. చీములో సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లకణాలుంటాయని నాలుగోవాడు పూర్తి చేశాడు. నలుగురిలో ఎవరు తప్పుకున్నా జవాబు తెగిపోతుంది.

ఇప్పటికీ పరీక్ష పెట్టినప్పుడు, పిల్లలు తాము చెప్పిన భాగంలో బాగా రాసి, విన్న భాగాల్లో వెనకబడటం చూస్తుంటాను. అందుకే దిద్దేటప్పుడు ఒక్కొక్కరి కాగితం మీదా సొంత భాగం మార్కులు, విన్న భాగాల మార్కులు విడిగా వేసుకుంటాను. తేడా తరగతి అంతటా ఉంటే చివర్లో పది నిమిషాలు నేనే అన్ని భాగాలనూ కలిపి చెప్పాలి. ఒకే జట్టులో ఉంటే వాళ్లకు ఆ భాగం చెప్పిన పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టుకుని వింటాను.