అరవై సెకన్ల పనితనం

తమ్ముడూ,

తలసీమియా పాప కోసం నువ్వు రాసిన విరాళాల ప్రకటనను నిన్న స్టూడియోలో మూడుసార్లు విన్నాను. నేను ఇరవై ఏళ్లుగా రేడియోకీ టీవీకీ రాస్తున్నాను, ఇంత పనితనం ఈమధ్య వినలేదు. నా మెప్పంతా ఈ కాగితం మీద పెడుతున్నాను. ఇందులో మొహమాటానికి అన్న మాట ఒక్కటీ లేదు, అందుకని చివరిదాకా చదువు.

ముందుగా ఆ మొదటి మాటలు. "అన్నం తింటున్నారా? తినండి. ఈ పాప గొంతులో మాత్రం ముద్ద దిగడం లేదు." ఇది రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే ప్రకటన అని నీకు తెలుసు. ఆ వేళకు సగం ఇళ్లలో కంచాలు పెట్టుకుని ఉంటారనీ తెలుసు. వినేవాళ్లు ఏ గదిలో కూర్చున్నారో, చేతిలో ఏముందో ఇంత కచ్చితంగా ఊహించి రాసేవాళ్లు మనలో పది మంది లేరు. ఆ ఊహనంతా ముద్ద గొంతు దిగకుండా చేయడానికి పెట్టావు, పని జరిగింది కూడా. రాత్రి భోజనాల దగ్గర ఆ రికార్డింగును ఫోన్‌లో వినిపించాను. మా అమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి "ఆపరా దాన్ని" అంది. ఆవిడ నెలనెలా పింఛనులోంచి కొంత తీసి అనాథాశ్రమానికి పంపే మనిషి. కాసేపయ్యాక పాప పేరేమిటని అడిగాను, గుర్తు లేదంది. జబ్బేమిటని అడిగాను, అదీ గుర్తు లేదు. తనను ఎవరో తిట్టారన్నంత వరకే ఆవిడకు గుర్తుంది.

రెండోది, వినేవాళ్ల మీద నీకున్న శ్రద్ధ. స్క్రిప్టు తీసుకుని పెన్సిలుతో గుర్తులు పెట్టాను. తొంభై ఆరు మాటల్లో "మీరు, మీ, మీకు" అన్నవి పదకొండు సార్లు వచ్చాయి. పాప పేరు రెండుసార్లు వచ్చింది. తలసీమియా ఒకసారి. వాళ్లమ్మ ఊసే లేదు. ఆ తొంభై ఆరు మాటల్లో ఎవరి గురించి రాశావో ఈ లెక్కే చెబుతోంది. అంత బాగా తెలిసిన శ్రోతకు ఆ పాప గురించి తెలియజేసింది మాత్రం ఇంచుమించు ఏమీ లేదు.

మూడోది, మౌనం. "కళ్లు మూసుకోకండి" అన్నాక మూడు సెకన్లు ఏ మాటా లేకుండా వదిలి, దాంట్లో చిన్న దగ్గు పెట్టించావు. మాట ఎక్కడ ఆపాలో తెలియడం మన పనిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే విద్య. నీకది ముప్ఫై ఏళ్లకే వచ్చింది. ఆ దగ్గు మాత్రం సౌండ్ లైబ్రరీలోది, అది ఆ పాపది కాదు. తలసీమియాకు దగ్గు గుర్తు కూడా కాదు. రక్తం తగ్గేకొద్దీ పిల్ల పాలిపోతుంది, నీరసపడుతుంది, రెండు మెట్లెక్కితే ఆయాసపడి కూర్చుంటుంది. ఆ ఇంట్లోవాళ్లకు తెలిసే గుర్తులివి. వాటిలో ఒక్కటి రాసి ఉంటే ఎవరి దగ్గునో అరువు తెచ్చుకోవాల్సిన పనే ఉండేది కాదు.

ఇక ఆ ముగింపు. "తెల్లారేలోపు మీరు స్పందించకపోతే, మీకు నిద్ర పడుతుందా?" ఇంత పదును గల ప్రశ్న నేనెప్పుడూ రాయలేదు. ఆ తెల్లారడం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినంతకాలం ఎక్కిస్తూనే ఉండాలి. ఆ పాప తర్వాతి తేదీ ఇంకా పన్నెండు రోజులుంది. సంస్థవాళ్లు నీకిచ్చిన కాగితంలోనే అది రాసి ఉంది. లేని గడువు పెడితే డబ్బు త్వరగా వస్తుంది, నిజమే. ఆ ఇచ్చినవాళ్లే వచ్చే నెల మళ్లీ అదే తెల్లారడం వింటారు.

ఒక్క పాప కథ ఎంచుకోవడం మాత్రం తప్పు కాదు. అందులో నీ చెవి సరిగ్గా పనిచేసింది. డెబొరా స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి మాలీ దేశపు ఏడేళ్ల రోకియా కథ చెప్పారు, కొందరికి ఆకలి లెక్కలు చెప్పారు. పాల్గొన్నవాళ్లు చేతిలో ఉన్న 5 డాలర్లలో రోకియాకు సగటున 2.38 ఇచ్చారు, లెక్కలకు 1.14 ఇచ్చారు. కథకు లెక్కలు కూడా జోడిస్తే 1.43కి పడిపోయింది. కాబట్టి ఒక్కరి కథే చెప్పు. అయితే ఆ ఒక్కరికి సరిపడా వచ్చాక మిగిలింది ఎవరికి పోతుందో చెప్పడం మన బాధ్యత. దానికి నాలుగైదు సెకన్లు చాలు. నీ స్క్రిప్టులో మౌనానికే మూడు సెకన్లు దొరికాయి.

మన దేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2023లో విరాళాల ప్రకటనలకు నియమాలు పెట్టింది. సాయం చేయనివాళ్లు సిగ్గుపడాలన్నట్టు చెప్పకూడదనీ, సాయం అందుకునేవాళ్ల గౌరవం తగ్గించకూడదనీ, డబ్బు ఎటు పోతుందన్న విషయంలో తప్పుదోవ పట్టించకూడదనీ వాటి సారం. నీ ముగింపు వాక్యం మొదటి నియమం దగ్గరే ఆగిపోతుంది.

నిన్న సాయంత్రం పాప వాళ్లమ్మతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడాను. నేను ఏడిపించే ప్రశ్నలు అడగలేదు, రక్తం ఎక్కించే రోజు ఎలా గడుస్తుందని మాత్రమే అడిగాను. ఆవిడ చెప్పినదాంతోనే ఇలా రాశాను. మొదటి నాలుగు వాక్యాలు ఆవిడ గొంతులోనే ఉండాలి:

"మా పాపకు తొమ్మిదేళ్లండి. బస్సెక్కితే కిటికీ సీటు తనదే. పద్దెనిమిది రోజులకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వెళ్తాం. ఎక్కించుకుని వచ్చిన మర్నాడు వీధంతా పరిగెడుతుంది."

ఇక్కడి నుంచి మన అనౌన్సర్. "తలసీమియా ఉన్న పిల్లల ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు. వీళ్లకు రక్తం దాతలు ఇస్తున్నారు. ఎక్కించేటప్పుడు జ్వరం, వణుకు రాకుండా తెల్లకణాలను ఆపే ఫిల్టర్ వాడతారు. దాన్ని ఇంటివాళ్లే కొనుక్కుంటున్నారు. ఒక్కోటి ఎనిమిది వందల రూపాయలు, ఏడాదికి ఇరవై కావాలి. మీకు వీలైతే ఒక ఫిల్టర్‌కు సాయం చేయండి. ఈ పాపకు సరిపడా వచ్చాక మిగిలిన డబ్బు తను రక్తం ఎక్కించుకునే కేంద్రానికి వచ్చే మిగతా పిల్లల ఫిల్టర్లకు వెళ్తుంది."

మామూలు వేగంతో చదివితే ఇది నిమిషం లోపే అయిపోతుంది. చదివే అమ్మాయికి "గొంతు వణకాలి" అని మార్జిన్‌లో నువ్వు రాసిన సూచన కొట్టేశాను. పక్కింటావిడకు బస్సు వేళ చెప్పినట్టు చదవమన్నాను. వెనకాల నువ్వు పెట్టిన సారంగి తీసేయించాను. బడి పిల్లల అరుపులు లీలగా ఉంచాను, అవి పాప వాళ్ల వీధిలోనే రికార్డు చేసినవి. కిటికీ సీటు దగ్గర వినేవాళ్లకు నవ్వు రావచ్చు, రానివ్వు. తమ ఇంట్లో పిల్ల కూడా ఆ సీటు కోసమే పేచీ పెడుతుందని వాళ్లకు గుర్తొస్తే అంతకంటే మనం చేయగలిగింది లేదు. ఇవ్వలేనివాళ్లు వినేసి భోజనం ముగిస్తారు. వాళ్లకు ఆ పాప జబ్బేమిటో అయినా తెలిసి ఉంటుంది.

దీనికి మొదటి రోజు వచ్చే డబ్బు నీ ప్రకటనకు వచ్చేదానికంటే తక్కువ కావచ్చు. ఆ సంగతి సంస్థవాళ్లకు నేనే చెప్పాను, ఒప్పుకున్నారు.

ఒక్క పని మిగిలింది. రికార్డింగు పూర్తయ్యాక బయటికి పంపేముందు ఆ అమ్మకూ పాపకూ వినిపించాలి. పాప తన బడిలో ఎవరైనా ఇది వింటే ఫర్వాలేదు అనాలి. నీ ప్రకటనను వాళ్లకు ఎవరూ వినిపించలేదు. సోమవారం పది గంటలకు వాళ్లింటికి వెళ్తున్నాను, నువ్వూ రా.