ఒక లెవోడోపా మాత్ర కథ

పార్కిన్సన్స్ వ్యాధి ముదిరిన ఒక పెద్దాయన ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7 గంటలకు వేసుకోవలసిన ఈ మాత్రలో 100 మిల్లీగ్రాముల లెవోడోపాతో పాటు, అది మెదడును చేరకముందే డోపమైన్‌గా మారిపోకుండా కాపాడే కార్బిడోపా 25 మిల్లీగ్రాములు ఉంటుంది. కదలికలను నడిపించే డోపమైన్ నేరుగా మెదడులోకి ప్రవేశించలేదు గనుక, దానికి ముడిసరుకైన లెవోడోపాను అక్కడికి చేర్చడమే ఈ మాత్ర పుట్టుకకు కారణం.

మాత్ర జీర్ణాశయంలో కరిగినా, రక్తంలో కలిసేది చిన్నపేగు తొలి భాగంలోనే. అక్కడ లెవోడోపాను లోపలికి చేర్చే వాహకాలే, మాంసకృత్తులు అరిగినప్పుడు విడివడే లూసిన్, ఫినైలాలనిన్ వంటి అమైనో ఆమ్లాలనూ మోస్తాయి. రక్తం నుంచి మెదడులోకి వెళ్లే చోట ఇదే పోటీ మళ్లీ ఎదురవుతుంది. 1984లో పరిశోధకుడు జాన్ నట్ బృందం లెవోడోపాను నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తూ, రోగులకు మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టినప్పుడు, రక్తంలో మందు స్థాయి తగ్గకపోయినా వారి కదలికలు మళ్లీ మొరాయించాయి.

ఇక పెద్దాయన విషయానికొస్తే, ఒకరోజు 11 గంటల మాత్ర మరచిపోయి, పన్నెండున్నరకు పప్పు, గుడ్డు, పెరుగు తిన్న వెంటనే వేసుకున్నారు. కార్బిడోపా తోడున్నా రక్తంలో లెవోడోపా సగానికి తగ్గడానికి సుమారు గంటన్నరే పడుతుంది. తొలిదశలో మిగిలిన నాడీకణాలు డోపమైన్‌ను దాచుకుని ఆ లోటు పూడుస్తాయి గాని, ఈ దశలో ఆ నిల్వ లేదు గనుక అప్పటికే ఆయన పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ఆలస్యంగా వచ్చిన మాత్ర నిండు కడుపులో చిక్కుకుని రెండు గంటలు దాటినా పని చేయలేదు. చివరికి దాని ప్రభావం 3 గంటల మాత్ర ప్రభావంతో కలిసిపోవడంతో, చేతులు, మెడ అదుపు లేకుండా మెలికలు తిరిగాయి. మోతాదు చాలడం లేదని ఇంట్లోవారు అనుకోవడం సహజమే. కాని పరగడుపున వేసిన 7 గంటల మాత్ర చక్కగా పని చేసిందంటే, లోపం మోతాదులో కాక వేళలో ఉందని అనుమానించాలి. మాత్ర వేళ, భోజనం వేళ, కదలిక తిరిగి వచ్చిన వేళ పక్కపక్కనే రాసిపెట్టుకుంటే వైద్యుడికి ఆ తేడా కనిపిస్తుంది.

భోజనానికి అరగంట ముందో, తిన్నాక కనీసం గంట గడిచాకో మాత్ర వేసుకోవడం సాధారణ పద్ధతి. వికారం కలిగితే పప్పు, పాలకు బదులు ఒకటి రెండు బిస్కెట్లు తినవచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, ఆసుపత్రిలో ఉన్న రోగికి నిర్ణీత వేళకు 30 నిమిషాలలోపే లెవోడోపా అందాలని కోరుతుంది. మాంసకృత్తులను ఎక్కువగా రాత్రి భోజనానికి మార్చే పద్ధతి కొందరికి ఉపకరిస్తుంది గాని, వాటిని మొత్తంగా తగ్గిస్తే కండ కరిగి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆ మార్పు వైద్యుడు, ఆహార నిపుణుల సలహాతోనే జరగాలి.