వచ్చే రిలీజ్‌లో వస్తుంది లెండి

మా ఆఫీసులో ఆలస్యమైన పని అంటూ ఏదీ ఉండదు. అన్నీ ‘వచ్చే రిలీజ్‌లో వచ్చే’ పనులే. మీటింగ్‌లో ఆ మాట అనడానికి క్షణం చాలు. అదే మాట జిరాలోకి ఎక్కాలంటే మాత్రం ఎవరో ఒకరు టికెట్ తెరిచి, Fix versions అనే గడిలో 4.2 తీసేసి 4.3 పెట్టాలి. ఆ ‘ఎవరో ఒకరు’ అనే ఉద్యోగిని మా కంపెనీ ఇంకా చేర్చుకోలేదు.

ఆ గడి చెప్పేది ఒక్కటే: ఈ పని ఏ రిలీజ్‌లో వాడేవాళ్లకు అందుతుందని. రిలీజ్‌కు ముందు అది మన ఉద్దేశం, అయ్యాక అది రికార్డు. గిట్‌హబ్‌లో మైల్‌స్టోన్‌ది ఏకపత్నీవ్రతం. ఒక ఇష్యూకి ఒకటే, కొత్తది పెడితే పాతది దానంతటదే పోతుంది. జిరా గడికి అలాంటి పట్టింపుల్లేవు, ఎన్ని వెర్షన్లు ఇచ్చినా కాదనదు. మా కథంతా ఆ మొహమాటంతోనే మొదలైంది.

BILL-318 అని ఒక టికెట్. బిల్లును పీడీఎఫ్‌గా దించుకునే బటన్ పెట్టాలి. గురువారం 4.2 బ్రాంచ్ కట్ చేసే వేళకు బటన్ తయారు కాలేదు. “పర్లేదు, 4.3కి జరిపేయండి” అన్నారు మేనేజర్ గారు. మిగిలిపోయిన టికెట్లన్నీ ఎంచుకుని ఒక కుర్రాడు బల్క్ ఎడిట్‌కి వెళ్లాడు. అక్కడ `Replace all with` ఉంది, `Add to existing` ఉంది. ఉన్నదాన్ని చెరపడం కంటే కలపడం మర్యాద అనిపించిందేమో, రెండోది నొక్కాడు. టికెట్‌లో 4.2, 4.3 రెండూ చేరాయి.

మర్నాడే బటన్ తయారైంది. కోడ్ మెయిన్ బ్రాంచ్‌లో కలిసింది, టికెట్‌ని డన్ చేసేశారు. అసలు ప్రమాదం ఇక్కడే. వెర్షన్‌ని రిలీజ్ చేసేటప్పుడు పరిష్కారం కాని టికెట్లు మిగిలితే, వాటిని తర్వాతి వెర్షన్‌కి జరపమంటారా అని జిరా అడుగుతుంది. మూసేసిన టికెట్ గురించి అడగదు. కోడ్ ఏ బ్రాంచ్‌లో ఉందో చూడటం ఆ లెక్కలో లేదు. 4.2 రిలీజ్ నిరాటంకంగా జరిగింది. రిలీజ్ నోట్స్ ఆ గడిని చూసే తయారవుతాయి కాబట్టి, పీడీఎఫ్ బటన్ వచ్చిందని కస్టమర్లందరికీ శుభవార్త వెళ్లింది.

సోమవారం సపోర్ట్‌లో అక్క ఫోన్ చేసింది. “బాబూ, ఆ బటన్ ఎక్కడుంది?”

“4.3లో ఉందక్కా.”

“మరి 4.2లో ఉందని రాశారుగా?”

“అందులోనూ ఉందక్కా... టికెట్‌లో.”

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నది ఇక్కడ రాయలేను.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికి జిరాలో ఒక్క వెతుకులాట చాలు:

```
project = BILL AND fixVersion = "4.2" AND fixVersion = "4.3"
```

వచ్చినవన్నీ తప్పులు కావు. ఒకే సవరణను కొత్త రిలీజ్‌లోనూ పాతదానిలోనూ వేసి ఉంటే రెండు వెర్షన్లూ నిజమే. అందుకే కోడ్‌నే సాక్ష్యం అడగాలి:

```
git log v4.2.0 --grep=BILL-318
```

కమిట్ సందేశంలో టికెట్ నంబర్ రాసే అలవాటు ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఏమీ రాకపోతే ఆ పని 4.2లో లేనట్టే. వస్తే మాత్రం సంబరపడకుండా ఏం వచ్చిందో చదవాలి. బ్రాంచ్ కట్‌కి ముందే సగం పని కలిసిపోయి, నొక్కితే ఏమీ జరగని బటన్ కూడా వెళ్లి ఉండొచ్చు.

ఇక జరిపేటప్పుడు మూడు సంగతులు. పాత వెర్షన్ తీసి కొత్తది పెట్టాలి. సబ్‌టాస్కుల్ని విడిగా చూసుకోవాలి, తల్లి టికెట్‌లో వెర్షన్ మారిస్తే పిల్లలకు తెలియదు. ఎందుకు జరిగిందో ఒక వాక్యం రాయాలి. ఎవరు ఎప్పుడు మార్చారో హిస్టరీలో ఉంటుంది గానీ, కారణం ఉండదు. రిలీజ్ అయిపోయాక తప్పు బయటపడితే టికెట్‌ని గుట్టుగా దిద్దుకుంటే చాలదు, పంపిన నోట్స్‌కి సవరణ కూడా పంపాలి.

ఏ రిలీజ్‌లో వస్తుందో నిజంగానే తెలియనివాటి కోసం మావాళ్లు Future అని ఒక వెర్షన్ సృష్టించారు. దానికి తేదీ లేదు, కాబట్టి ఆలస్యమూ లేదు. మొన్న అందులో ఒక టికెట్ తెరిచి చూశాను. అది చేయాల్సిన కుర్రాడు మరో కంపెనీలో మేనేజరై, అక్కడ పనులు జరుపుతున్నాడు. వెర్షన్ తీసేసి గడి ఖాళీగా వదిలాను. ఐదు నిమిషాలు కాకముందే మెసేజ్ వచ్చింది: “ఇది ఏ రిలీజ్‌లో వస్తుందండీ?”

Future అని ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.