నొప్పి తెలీదట!

మా రోజుల్లో పళ్ల డాక్టరు ప్రచారమంటే గుమ్మం మీద బోర్డే. పేరు, బీడీఎస్, వేళలు. మహా సరదా అయితే ఓ పలువరస బొమ్మ. మా మేనల్లుడూ పళ్ల డాక్టరే. క్లినిక్ పక్క వీధికి మార్చాడు. దానికి అరనిమిషం వీడియో తీయిస్తాడట, స్క్రిప్టు పట్టుకొచ్చాడు. "ఊళ్లో నంబర్ వన్! నొప్పే తెలియని రూట్ కెనాల్! ఫలితం గ్యారంటీ! ఈ నెలంతా సగం ధరకే!"

"ఒరేయ్, నరం వాచి రాత్రంతా నిద్రపట్టనివ్వని కింది దవడ పన్నుకి మత్తు సూది మొదటిసారే పట్టేస్తుందా?" అన్నాను.

"ఒక్కోసారి పట్టదు మావయ్యా. ఇంకోటి ఇస్తాం."

పట్టినా, మత్తు దిగాక రెండు మూడు రోజులు నమిలితే సలపడం మామూలే. బాగా చేసిన రూట్ కెనాల్ కూడా కొన్నేళ్లకి చెడొచ్చు. ముందే చెబితే రోగి ఓర్చుకుంటాడు. నొప్పే ఉండదని పిలిచాక సలిపితే, పని చెడగొట్టారనుకుంటాడు. ఆ అనుమానం వాడి తప్పెలా అవుతుంది?

డెంటల్ కౌన్సిల్ 2014లో సవరించిన నీతి నియమావళి ఉంది. రోగుల్ని ఆకర్షించే ప్రచారం కూడదు. ప్రాక్టీసు మొదలెట్టినా, చిరునామా మారినా పత్రికలో తెలియజేసుకోవచ్చు. వీడు మారింది చిరునామాయే కదా, అదే చెప్పమన్నాను. రోగుల్ని ఆకర్షించే మాట ఒక్కటీ వద్దన్నాను. చికిత్సకి ముందూ తర్వాతా అంటూ ఓ అమ్మాయి నవ్వు ఫొటోలు కూడా పెట్టాడు, అవీ తీయించేశాను. ఆ పిల్ల దవడకి కుదిరింది అందరికీ కుదురుతుందా?

చివరికి నేనే రాసిచ్చాను:

"మా దంత వైద్యశాల పక్క వీధికి మారింది. డాక్టరు పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు తెర మీద ఉన్నాయి. ముందు పన్ను చూస్తాం, అవసరమైతే ఎక్స్‌రే తీస్తాం. ఏమేం చేయొచ్చో, ఏది ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తాం. ఆలోచించుకుని రండి. పరికరాల కవరు మీ ఎదుటే విప్పుతాం."

కవరు మాట ఊరికే పెట్టలేదు. ఆటోక్లేవ్ ఆవిరిలో 121 డిగ్రీల వేడి తగిలాక దాని మీది గుర్తు రంగు మారుతుంది, రోగి కంటితో చూసుకోవచ్చు. అది వేడి తగిలిందనే చెబుతుంది, క్రిములన్నీ చచ్చాయని కాదు. దానికి వేరే పరీక్ష ఉంది. అందుకే "క్రిమిరహితం, గ్యారంటీ" అని రాయలేదు.

"మరీ చప్పగా ఉంది మావయ్యా, ఎవరు చూస్తారు?" అన్నాడు.

"పన్ను నొప్పున్నవాడు చూస్తాడు. లేనివాడు చూసి ఏం చేస్తాడు?" అన్నాను. వాడు వినలేదు, వెనక వీణ పెట్టించాడు. పెట్టుకోనీ, వీణ అబద్ధమాడదుగా.